సీనియారిటీ తేలకుండానే కలిసిన రెండు విమాన సంస్థలు

ఎయిరిండియా, ఇండియన్ ఎయిర్‌లైన్స్ 2007 ఆగస్టు 27న నేషనల్ ఏవియేషన్ కంపెనీ ఆఫ్ ఇండియా పేరుతో చట్టరీత్యా ఒకే సంస్థ అయ్యాయి. విమానాలపై రంగులు మారాయి, ఛైర్మన్ ఒక్కరే అయ్యారు. అయితే విమాన సంఖ్యల ముందు ఏఐ, ఐసీ అనే రెండు పాత కోడ్‌లు 2011 ఫిబ్రవరి దాకా వేర్వేరుగానే కొనసాగాయి. పైలట్లకు రెండు యూనియన్లు, రెండు సీనియారిటీ జాబితాలు, రెండు రకాల జీతాల లెక్కలు అలాగే ఉండిపోయాయి. ఆ సంస్థ తర్వాతి కాలంలో ఎదుర్కొన్న నష్టాలకు అప్పుల భారం, ఇంధన ధరలు, విమానాల కొనుగోళ్లు వంటి కారణాలు చాలా ఉన్నాయి కాబట్టి అన్నింటినీ విలీనం ఖాతాలో వేయడం న్యాయం కాదు. కానీ 2011లో, 2012లో విమానాలను నేలకు దించిన రెండు పెద్ద సమ్మెల మూలం మాత్రం, ఎవరి స్థానం ఏమిటన్నది తేల్చకుండానే రెండు బృందాలను ఒకే గొడుగు కిందికి తెచ్చిన నిర్ణయంలోనే ఉందని నా అభిప్రాయం.

ఈ రెండు బృందాల పని తీరు మొదటి నుంచీ వేరు. ఎయిరిండియా ముంబయి కేంద్రంగా, ఎక్కువగా బోయింగ్ విమానాలతో సుదూర విదేశీ మార్గాల్లో నడిచేది. అక్కడి పైలట్ ఒకసారి బయలుదేరితే విదేశంలో బస చేసి రోజుల తర్వాత ఇల్లు చేరేవాడు. ఢిల్లీ కేంద్రంగా ఉన్న ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో ఎక్కువగా ఎయిర్‌బస్ విమానాలు, దేశీయ మార్గాలు. ఒకే రోజులో మూడు నాలుగు నగరాల్లో దిగి, ఎక్కడం అక్కడి పని. జీతంలో ఎంత భాగం స్థిరంగా ఉండాలి, ఎంత భాగం ఎగిరిన గంటలను బట్టి రావాలి అన్న లెక్క కూడా రెండు చోట్లా వేరుగా ఉండేది. అన్నింటికంటే ముఖ్యంగా, కోపైలట్ కమాండర్ అయ్యే వేగం రెండు చోట్లా ఒకటి కాదు. చిన్న విమానాలు ఎక్కువగా ఉన్న ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కమాండర్ కూర్చునే ఎడమ సీటు త్వరగా దక్కేది. పెద్ద విమానాలు తక్కువ సంఖ్యలో ఉన్న ఎయిరిండియాలో అందుకోసం ఇంకా ఏళ్లు ఎదురుచూడాల్సి వచ్చేది.

పైలట్ల వృత్తిలో సీనియారిటీ అంటే గౌరవసూచకం మాత్రమే కాదని బయటివారు గ్రహించడం అవసరం. ఏ రకం విమానం నడపాలి, ఏ నగరం నుంచి పనిచేయాలి, పండగకు సెలవు దొరుకుతుందా, కమాండర్ పదోన్నతి ఎప్పుడు వస్తుంది, ఉద్యోగాలు తగ్గిస్తే మొదట ఎవరు బయటికి వెళ్లాలి అన్నవన్నీ చాలావరకు ఆ జాబితాలోని వరుస సంఖ్యనే ఆధారం చేసుకుంటాయి. రెండు జాబితాలను ఒకటిగా కలపడమంటే వందల మంది మిగిలిన ఉద్యోగ జీవితాన్ని కొత్తగా రాయడమే.

ఇది ఎంత చిక్కు లెక్కో ఒక ఊహా ఉదాహరణతో చూద్దాం. ‘అ’ సంస్థలో 100 మంది పైలట్లు ఉన్నారని, అక్కడ కమాండర్ కావడానికి 10 ఏళ్లు పడుతుందని అనుకుందాం. ‘ఆ’ సంస్థలో 200 మంది ఉన్నారు, అక్కడ 6 ఏళ్లు చాలు. 2000లో ఇద్దరు స్నేహితులు చెరొక సంస్థలో చేరారు. 2007లో రెండు సంస్థలూ కలిసే నాటికి ఒకరు కమాండర్, ఇంకొకరు కోపైలట్. చేరిన తేదీని బట్టి జాబితా కడితే ఇద్దరూ పక్కపక్కనే వస్తారు, అప్పుడు ఇప్పటికే కమాండర్‌గా ఉన్నవాడు నష్టపోయానంటాడు. హోదాను బట్టి కడితే ‘అ’ సంస్థలో తొమ్మిదేళ్లుగా ఎదురుచూస్తున్న కోపైలట్, తన కంటే మూడేళ్లు వెనక చేరిన ‘ఆ’ సంస్థ కమాండర్‌కు దిగువన పడతాడు. నిష్పత్తిని బట్టి, అంటే ఎవరి జాబితాలో వారి వరుస చెదరకుండా ‘అ’ నుంచి ఒకరు, ‘ఆ’ నుంచి ఇద్దరు చొప్పున పేర్చితే ఇద్దరికీ కొంత దక్కుతుంది, కొంత పోతుంది. వీటిలో దేన్నీ పూర్తిగా న్యాయమనీ, పూర్తిగా అన్యాయమనీ అనలేం. అందుకే ఇది చర్చల్లో దానంతట అదే తేలుతుందని ఆశించకూడదు. ఏదో ఒక పద్ధతిని ఎంచుకోవాలి, ఎంచుకునే అధికారం ఎవరిదో, ఏ తేదీలోగా ఎంచుకోవాలో ముందే నిర్ణయించాలి.

మన దగ్గర జరిగింది దీనికి భిన్నం. 2011 ఏప్రిల్ చివర్లో పూర్వ ఇండియన్ ఎయిర్‌లైన్స్ పైలట్లు జీతాల్లో సమానత్వం కోసం సమ్మెకు దిగి, దాదాపు పది రోజులు విమానాలు నిలిపేశారు. జీతాలు, పదోన్నతుల విషయాన్ని చూడటానికి జస్టిస్ ధర్మాధికారి కమిటీ ఏర్పాటైంది ఆ ఏడాదిలోనే. నివేదిక అందింది 2012 జనవరిలో, అంటే విలీనం జరిగి నాలుగేళ్లు దాటాక. ఆ నివేదిక పూర్తిగా అమలుకు రాకముందే రెండో గొడవ మొదలైంది. కొత్తగా రాబోతున్న బోయింగ్ 787 డ్రీమ్‌లైనర్లపై శిక్షణను రెండు పక్షాల పైలట్లకూ ఇవ్వాలని యాజమాన్యం నిర్ణయించగా, పూర్వ ఎయిరిండియా పైలట్లు 2012 మే నుంచి జులై మొదటి వారం దాకా, 58 రోజులు విధులకు దూరంగా ఉన్నారు.

వారి వాదనను తేలిగ్గా తీసిపారేయలేం. ఆ విమానాలకు ఆర్డరు ఇచ్చింది విలీనానికి ముందటి ఎయిరిండియా. వాటిమీద కమాండర్లం అవుతామన్న లెక్కతోనే అక్కడి కోపైలట్లు ఏళ్ల తరబడి వేచి ఉన్నారు. అవతలి పక్షం నుంచి ఇప్పటికే కమాండర్లుగా ఉన్నవారు నేరుగా వచ్చి ఆ సీట్లలో కూర్చుంటే తమ వంతు మళ్లీ వెనక్కి పోతుంది. రెండో పక్షం వాదనలోనూ అంతే బలం ఉంది: సంస్థ ఒకటే అయినప్పుడు, కొత్త విమానంపై ఎదిగే అవకాశం కొందరికే దక్కితే మిగిలినవారు విలీనంలో ఏం పొందినట్టు? ఈ ప్రశ్న 2007లో కాగితంమీద జవాబు చెప్పదగినదే. ఫలానా విమానంపై మొదటి ఇన్ని సీట్లు, ఇన్నేళ్లపాటు, ఫలానా పక్షానికి అని హద్దు గీస్తే సరిపోయేది. అమెరికా విలీనాల్లో ఇలాంటి కాలపరిమితి గల కంచెలను మధ్యవర్తులు మామూలుగానే వాడతారు. కంచెకు గడువు ఉంటుంది కాబట్టి ఒక తరం ఆశలకు రక్షణ దొరుకుతుంది, తర్వాత జాబితా అందరికీ ఒకేలా వర్తిస్తుంది.

అమెరికాలోనే పోల్చదగిన రెండు ఉదాహరణలున్నాయి. డెల్టా, నార్త్‌వెస్ట్ సంస్థల విలీనాన్ని 2008 ఏప్రిల్‌లో ప్రకటించారు. అది అక్టోబరు చివర్లో పూర్తయ్యే లోపే రెండు సంస్థల పైలట్లూ ఉమ్మడి జీతాల ఒప్పందాన్ని ఆమోదించారు. సీనియారిటీ వివాదం మధ్యవర్తుల బృందం ముందుకు వెళ్లి, అదే ఏడాది డిసెంబరులో జాబితా వచ్చేసింది. అందరూ సంతోషించలేదు, కానీ ఎవరి సంఖ్య ఎంతో అందరికీ తెలిసిపోయింది, పని ముందుకు సాగింది.

యూఎస్ ఎయిర్‌వేస్, అమెరికా వెస్ట్ సంస్థలు 2005లో కలిశాయి. అక్కడా మధ్యవర్తి ఉన్నాడు, 2007 మేలో జాబితా ఇచ్చాడు. ఆ జాబితా యూఎస్ ఎయిర్‌వేస్‌లో అతి సీనియర్లయిన కొన్ని వందల మందిని పైన ఉంచి, పని లేక ఇంటికి పంపబడి ఉన్నవారిని అడుగున చేర్చింది. ఏళ్ల సర్వీసున్న మనిషి, నిన్నమొన్న చేరినవాడి వెనక నిలబడాల్సి వచ్చింది. అసలు లోపం జాబితాలో కంటే ఒప్పందంలో ఉందని నేను భావిస్తాను. జాబితా అమలు కావాలంటే ముందుగా ఉమ్మడి జీతాల ఒప్పందాన్ని పైలట్లు ఓటుతో ఆమోదించాలన్న షరతు ఉంది. సంఖ్యలో ఎక్కువగా ఉన్న యూఎస్ ఎయిర్‌వేస్ పక్షానికి ఆ ఒప్పందాన్ని ఆపితే చాలు, జాబితా ఆగిపోతుంది. వారు 2008లో తమ పాత యూనియన్‌ను పక్కనపెట్టి కొత్త యూనియన్‌నే తెచ్చుకున్నారు. 2013 చివర్లో ఆ సంస్థ అమెరికన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసేదాకా ఆ జాబితా అమలుకు నోచుకోలేదు. అన్నేళ్లూ రెండు పక్షాల పైలట్లు ఒకే సంస్థలో వేర్వేరుగానే విమానాలు నడిపారు. తీర్పు ఇచ్చేవారిని నియమించి, తీర్పును ఆపగల మీటను ఓడిన పక్షం చేతిలోనే ఉంచితే ఇలాగే జరుగుతుంది.

ఇక పని పద్ధతుల సంగతి. ఇంజిన్ ఎవరు స్టార్ట్ చేయాలి, చెక్‌లిస్టులో ఏ మాట తర్వాత ఏ మాట పలకాలి, దిగేటప్పుడు విమానం ఏ ఎత్తుకు వచ్చేసరికి స్థిరపడకపోతే మళ్లీ పైకి లేపాలి అన్నవి ఒక్కో సంస్థలో ఒక్కోలా ఉంటాయి. కాక్‌పిట్‌లో కూర్చున్న ఇద్దరూ వేర్వేరు చోట్ల నేర్చుకున్నవారైతే, ఎదుటివాడు ఈ మాట ఇప్పుడు పలుకుతాడన్న నమ్మకమే పోతుంది. డెల్టా, నార్త్‌వెస్ట్‌లు విలీనం పూర్తయిన వెంటనే సిబ్బందిని కలిపేయలేదు. రెండింటి విమానాలనూ ఒకే సంస్థగా నడపడానికి కావలసిన ఉమ్మడి ధ్రువపత్రం వచ్చింది 2009 డిసెంబరు 31న, అంటే దాదాపు 14 నెలలకు. ఆ వ్యవధి మాన్యువళ్లను ఒకటి చేయడానికి, శిక్షణ ఇవ్వడానికి పట్టిన కాలం. ఇక్కడ తరచూ జరిగే పొరపాటు, ఇరుపక్షాలనూ సంతోషపెట్టాలని అక్కడి నుంచి సగం, ఇక్కడి నుంచి సగం తీసుకోవడం. ఒక చెక్‌లిస్టులోని అంశాలు ఒకదానిమీద ఒకటి ఆధారపడి ఉంటాయి. సగం తీసుకుంటే ఆ ఆధారం తెగిపోతుంది. ఒక్కో పనికి ఒక పక్షం పద్ధతిని పూర్తిగా తీసుకోవడమే మేలు. ఎవరిది తీసుకోవాలో ఆ పని రోజూ చేసేవారే చెప్పాలి, ఎందుకు తీసుకున్నారో కారణం రాసి ఉంచాలి. అందుకే స్థానాల నిర్ణయం బయటి మధ్యవర్తికి, పద్ధతుల నిర్ణయం లోపలి పనివారికి వదలాలంటాను. తన కుర్చీ ఉంటుందో ఊడుతుందో తెలియని మనిషి అవతలివారి చెక్‌లిస్టు మంచిదని ఒప్పుకోవడం కష్టం కాబట్టి మొదటిది తేలాకే రెండోది సాగుతుంది.

తెలుగువారికి ఇది దూరపు కథ కాదు. 2025 మే 1న ఆంధ్రప్రదేశ్‌లోని నాలుగు గ్రామీణ బ్యాంకులు కలిసి అమరావతి కేంద్రంగా ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంక్ అయ్యాయి. చైతన్య గోదావరి, ఆంధ్ర ప్రగతి, సప్తగిరి, ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకులకు నాలుగు వేర్వేరు ప్రాయోజక బ్యాంకులు ఉండేవి కాబట్టి నాలుగు రకాల అలవాట్లు ఉండటం సహజం. ఇప్పుడు ప్రాయోజక బ్యాంకు ఒక్క యూనియన్ బ్యాంకే. ఒక బ్యాంకులో ఆఫీసర్లకు పదోన్నతి త్వరగా, ఇంకోదానిలో ఆలస్యంగా వచ్చి ఉంటే, ఒకే ఏడాది చేరిన ఇద్దరు వేర్వేరు స్కేళ్లలో ఉంటారు. మేనేజర్ పోస్టు ఖాళీ అయినప్పుడు వారిద్దరి వరుసను ఏ సూత్రం నిర్ణయిస్తుంది, దానిపై అభ్యంతరాన్ని ఎవరు వింటారు, ఏ తేదీ తర్వాత ఆ అభ్యంతరం చెల్లదు? అక్కడ పనిచేస్తున్న ప్రతి ఉద్యోగికీ ఈ మూడు ప్రశ్నలకు రాతపూర్వక జవాబు అందిందో లేదో యూనియన్లు, యాజమాన్యం ఇప్పుడే సరిచూసుకోవాలి.