‘ట’ అనే అక్షరం మీద అభియోగపత్రం

తెలుగులో అత్యంత ప్రమాదకరమైన అక్షరం ఏదని ఎవరైనా అడిగితే నేను తడుముకోకుండా చెబుతాను: ‘ట’. ఇరవై ఏళ్లుగా నాంపల్లిలో ఒక జిరాక్స్ షాపు వెనక గదిలో కూర్చుని అఫిడవిట్లను ఇంగ్లీషులోకి మార్చి పొట్టపోసుకుంటున్నవాణ్ని, ఆ మాత్రం చెప్పగలను. వచ్చాడట, ఇచ్చాడట, అమ్మాడట. మా బస్తీలో అయితే ‘అంట’. ఈ ఒక్క అక్షరాన్ని తోకలా తగిలించుకుని తెలుగువాడు కంటితో చూడని సంగతులన్నీ చెప్పేసి, ఎవరైనా నిలదీస్తే ‘నేనన్నానా, ఎవరో అన్నారు’ అని తప్పుకుంటున్నాడు. దీన్ని వెంటనే నిషేధించాలని ఒక ప్లీడరుగారి అభిప్రాయం. ఉంటే కేసు బలం తగ్గుతుందట.

మొన్నటి కేసే చూడండి. కక్షిదారు ‘సుమారు 68 సంవత్సరముల’ పెద్దమనిషి. మల్కాజిగిరి వైపు ఒక ప్లాటు, చనిపోయిన అన్న, అన్న సంతకం ఉన్న కాగితం. కింది కోర్టులో ఓడి హైకోర్టులో అప్పీలు వేశారు. దాంతోపాటు స్టే కోసం ఒక మధ్యంతర దరఖాస్తు, దానికి ఈ అఫిడవిట్. రాజ్యాంగం 348వ అధికరణం హైకోర్టు వ్యవహారం ఇంగ్లీషులో జరగాలంది కాబట్టి నాకు అన్నం దొరుకుతోంది. తెలుగు ప్రతిలో నాలుగో పేరా ఇది:

‘సదరు ప్లాటును మా అన్న 2009లో అమ్మినాడట. ఆ కాలమున నేను ఊరిలో లేను. ఈ సంగతి మా వదిన చెప్పగా విన్నాను. కాగితము మీది సంతకము మా అన్నదేనని నమ్ముచున్నాను.’

ప్లీడరుగారు ఇది చూసి తల పట్టుకున్నారు. “మాస్టారూ, ఏంటండీ ఈ నసుగుడు? ‘అమ్మినాడు’ అని గట్టిగా కొట్టండి. సంతకం అన్నదే, అంతే. నమ్మకాలు గుళ్లో చెప్పుకోవాలి గానీ కోర్టులో కాదు.”

నేను పులకించిపోయాను. నాలుగు వాక్యాల పిరికి పేరాని రెండు వాక్యాల వీరగాథ చేసే అవకాశం అనువాదకుడికి రోజూ రాదు. కానీ చట్టమే పిరికివాళ్ల పక్షాన నిలబడింది, ఏం చేస్తాం. సివిల్ ప్రొసీజర్ కోడ్ 19వ ఆర్డరు 3వ రూలు ప్రకారం, అఫిడవిట్‌లో తాను స్వయంగా ఎరిగి రుజువు చేయగలిగిన సంగతులే చెప్పాలి. మధ్యంతర దరఖాస్తుల్లో మాత్రం ‘నమ్ముతున్నాను’ అన్నా కోర్టు తీసుకోవచ్చు, కాకపోతే ఎందుకు నమ్ముతున్నాడో ఆధారం కూడా చెప్పాలి. మా పెద్దమనిషి ఆ రూలు పేరైనా విని ఉండడు. అయినా చూడలేదని, ఊళ్లో లేనని, ఎవరు చెబితే విన్నాడో వరసగా చెప్పాడు. లా చదవనివాడికి ఇంత క్రమశిక్షణ ఉండడం వృత్తిరీత్యా కొందరికి కష్టంగానే ఉంటుంది.

సంతకం సంగతి ఇంకా విడ్డూరం. తప్పుడు సాక్ష్యం అంటే ఏమిటో చెప్పే సెక్షన్, పాత శిక్షాస్మృతిలో 191, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 227, కింద కొన్ని ఉదాహరణలు ఇచ్చింది. ఒకదాంట్లో, ఒకాయన చేతిరాత ఎలా ఉంటుందో ఎరిగిన మనిషి ‘ఈ సంతకం ఆయనదని నమ్ముతున్నాను’ అంటాడు. మనస్ఫూర్తిగానే అంటాడు. రేపు ఆ సంతకం ఆయనది కాదని తేలినా ఇతను చెప్పింది తప్పుడు సాక్ష్యం కాదు, ఎందుకంటే చెప్పింది తన నమ్మకం గురించి మాత్రమే. మా పెద్దమనిషికి ‘నమ్ముచున్నాను’ అన్న ఒక్క మాటే గొడుగు. దాన్ని ఇంగ్లీషులో నేను కొట్టేస్తే, తను చదవలేని భాషలో ఆయన ఒట్టేసి చెప్పని మాట ఒట్టేసి చెప్పినట్టవుతుంది. తర్వాత క్రాస్‌లో నిలబడేది ప్లీడరుగారు కాదు, నేనూ కాదు.

‘నేనూ కాదు’ అని తొందరపడ్డాను. అదే సెక్షన్‌లో ఇంకో ఉదాహరణ ఉంది. నిజాయితీగా అనువదిస్తానని ప్రమాణానికి కట్టుబడ్డ అనువాదకుడు, సరైనది కాదని తెలిసి కూడా ‘ఇది సరైన అనువాదం’ అని ధ్రువీకరిస్తే, అతనూ తప్పుడు సాక్ష్యం ఇచ్చినవాడే. కోర్టు వ్యవహారంలో దానికి 7 ఏళ్ల వరకు జైలు ఉంది. 1860లోనే మా జాతిని ఇంత శ్రద్ధగా గుర్తుపెట్టుకున్నది మెకాలే గారి చట్టం ఒక్కటే. ఆ తర్వాత టీ ఇచ్చినవాళ్లు కూడా తక్కువ.

అందుకని ‘ట’ని ఉంచేద్దామని తీర్మానించాను. తీరా ఇంగ్లీషులో దానికి సరిపడా తోక లేదు. ‘రిపోర్టెడ్లీ’ అంటే పత్రికా విలేఖరి మాట్లాడినట్టుంటుంది. ‘అలెజెడ్లీ’ అంటే మరీ ప్రమాదం, వదిన మాట మీద మరిదికే అనుమానం ఉన్నట్టు ధ్వనిస్తుంది. ‘ట’లో అనుమానం లేదు, నేను చూడలేదన్న ఒప్పుకోలు మాత్రమే ఉంది. చివరికి ‘ఐ యామ్ టోల్డ్ దట్’ దగ్గర ఆగాను. ‘టోల్డ్ బై మై సిస్టర్-ఇన్-లా’ అని అక్కడే కలిపేస్తే నున్నగా ఉంటుంది నిజమే, కానీ వదిన మూడో వాక్యంలో వస్తుంది. అక్కడే రానిచ్చాను. అసలు వదిన పేరాలోనే లేకపోయినా నేను తెచ్చిపెట్టకూడదు. ఆధారం చెప్పలేదని కోర్టు అడిగితే ప్లీడరుగారు కొత్త అఫిడవిట్ వేయించాలి, అంతేగానీ అనువాదంలో వదినలు పుట్టకూడదు.

మొదటి వాక్యం దగ్గర టైపిస్టుతో ఇంకో పేచీ. తెలుగులో ‘దైవసాక్షిగా ప్రమాణము చేసి’ అని ఉంది. కంప్యూటర్‌లో రెడీగా ఉన్న ఇంగ్లీషు పేరాలో ‘సాలెమ్న్‌లీ అఫర్మ్’ అని ఉంది. 1969 ప్రమాణాల చట్టం రెండు దారులూ ఇచ్చింది. దేవుడి పేరున ప్రమాణం చేయొచ్చు, దేవుణ్ని తీసుకురాకుండా సత్యనిష్ఠతో చెప్పొచ్చు. ఏ దారిన వెళ్లాలో ఆ మనిషి ఇష్టం. ఈయన దేవుణ్ని పిలిచాడు, కాబట్టి ‘స్వేర్ ఇన్ ద నేమ్ ఆఫ్ గాడ్’ అని మార్చమన్నాను. టైపిస్టు నావైపు జాలిగా చూసి, “దేవుడు ఫార్మాట్‌లో లేడు సార్” అన్నాడు. అరగంట తర్వాత దేవుడు ఫార్మాట్‌లోకి వచ్చాడు, పేజీ నంబర్లు మాత్రం పోయాయి.

నాదొక మొరటు పద్ధతి ఉంది. తెలుగు ప్రతిలో ‘ట’, ‘సుమారు’, ‘తెలిసినంతవరకు’, ‘నమ్ముచున్నాను’, ‘ఉండవచ్చు’ కనిపించిన ప్రతిచోటా పెన్సిల్‌తో సున్నా చుడతాను. ఇంగ్లీషు ప్రతిలోనూ చుట్టి లెక్క చూస్తాను. తెలుగులో 11 వచ్చాయి, టైపయి వచ్చినదాంట్లో 9. పోయిన రెండూ నాలుగో పేరావే. ప్లీడరుగారు నేను టీకి వెళ్లినప్పుడు టైపిస్టు పక్కన కూర్చున్నారన్నమాట.

నేనేమీ అనలేదు. చివరి పేజీ తీసి ఆయన ముందు పెట్టాను. అక్కడ ధ్రువీకరణలో పెద్దమనిషి ‘1 నుండి 3 పేరాలు నాకు స్వయముగా తెలిసినవి, 4వ పేరా విని నమ్మినది’ అని రాసి సంతకం చేశాడు. లోపల నాలుగో పేరా కళ్లారా చూసినట్టు గర్జిస్తోంది, కింద అదే పేరా విన్నానంటోంది. ఎదుటి లాయరుకు ఇంకేం కావాలి? ప్లీడరుగారు కాసేపు చూసి, “సరే, మీ ‘ట’ మీరు పెట్టుకోండి” అన్నారు.

పెట్టాను. సర్టిఫికెట్ మీద సంతకం చేసి ఇచ్చాను. నా ఫీజు వచ్చే సోమవారం పంపిస్తారట. గుమాస్తా చెప్పగా విన్నాను, నాకు స్వయంగా తెలియదు.