సవరణ: నాలుగు నిమిషాల మైలు, ల్యాప్ టైములు

“ల్యాప్‌కి 60 సెకన్ల చొప్పున నాలుగు ల్యాపులు కొడితే మైలు నాలుగు నిమిషాల్లో అయిపోయినట్టేనా సార్?”

అవదు. నాలుగు నిమిషాల మైలుకి 400 మీటర్ల ట్రాక్ మీద ల్యాప్‌కి 60 సెకన్లు చాలని పాత పోస్టులో రాశాను, అక్కడ 59.65 అని చదువుకోండి. మైలంటే 1609.344 మీటర్లు. 240 సెకన్లతో భాగిస్తే సెకనుకి 6.7056 మీటర్లు, అంటే గంటకి 24.14 కిలోమీటర్లు.

విజయనగరం కుర్రాళ్లు ప్రాక్టీస్ చేసే 400 మీటర్ల ట్రాక్ మీద నాలుగు ల్యాపులకి 1600 మీటర్లే. ఇంకా 9.34 మిగులుతుంది. అందుకే స్టార్ట్ గీత ఫినిష్ గీతకి అంత వెనక పడుతుంది. స్టాప్‌వాచ్ పట్టుకుని ఫినిష్ దగ్గర నిలబడితే ల్యాప్ పూర్తయినప్పుడల్లా 1:01.0, 2:00.7, 3:00.3, 4:00.0 కనిపించాలి. మొదటిది నిమిషం దాటిందని టెన్షన్ అక్కర్లేదు. కచ్చితంగా 60 చొప్పున పరిగెడితే మాత్రం 4:01.4 అవుతుంది.

1954లో రోజర్ బానిస్టర్ మొట్టమొదటిసారి నాలుగు నిమిషాల లోపు మైలు పరిగెత్తి 3:59.4 కొట్టిన ఆక్స్‌ఫర్డ్ ట్రాక్ అప్పట్లో 440 గజాలది. నాలుగు ల్యాపులు కచ్చితంగా ఒక మైలు కాబట్టి అక్కడ 60 లెక్క సరిగ్గా సరిపోయేది.