90 డిగ్రీలు చూపించే ప్లాట్‌ను ఎప్పుడు నమ్మకూడదు: లూప్ గెయిన్ కొలతలో అసలు కిటుకు

ఫీడ్‌బ్యాక్ సర్క్యూట్ స్థిరంగా ఉంటుందా లేదా అని తేల్చడానికి సిమ్యులేటర్‌లో లూప్ గెయిన్ గీసి, ఫేజ్ మార్జిన్ ఎంతో చూసుకుని ముందుకు వెళ్లిపోవడం మామూలే. ఆ అంకె ఎంత బాగుందన్న దానిమీద ఉన్న శ్రద్ధ, దాన్ని ఏ చోట, ఎలా కొలిచామన్న దానిమీద ఉండదు. సిమ్యులేషన్‌లో 90 డిగ్రీల మార్జిన్ చూపించిన సర్క్యూట్ బోర్డు మీద అవుట్‌పుట్ ఊగిసలాడుతూ మోగిపోతుంటే చాలామంది ముందుగా ఆప్-ఆంప్ మోడల్‌ను అనుమానిస్తారు. దానికన్నా ముందు అనుమానించాల్సింది లూప్‌ను తెరిచిన చోటును.

ఒక చిన్న సర్క్యూట్ తీసుకుందాం. గెయిన్ 2 ఇచ్చే నాన్-ఇన్వర్టింగ్ యాంప్లిఫయర్. ఆప్-ఆంప్ డీసీ గెయిన్ లక్ష, గెయిన్-బ్యాండ్‌విడ్త్ 10 మెగాహెర్ట్జ్. బ్యాటరీ మీద నడిచేది కాబట్టి కరెంటు ఆదా కోసం ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్లు రెండూ 100 కిలోఓమ్‌లు పెట్టారు. ఇన్వర్టింగ్ ఇన్‌పుట్ దగ్గర, ఆప్-ఆంప్ సొంత కెపాసిటెన్స్, బోర్డు మీది ట్రేస్ కలిపి 10 పికోఫారడ్‌లు ఉన్నాయనుకుందాం. చూడటానికి ఇందులో భయపడాల్సిందేమీ లేదు.

లూప్‌ను నిజంగానే తెంచేస్తే ఏమవుతుందో ముందు చూద్దాం. ఫీడ్‌బ్యాక్ లేని ఆప్-ఆంప్‌కు ఇన్‌పుట్ దగ్గర ఒక మిల్లీవోల్టు ఆఫ్‌సెట్ ఉన్నా చాలు, లక్షతో గుణిస్తే 100 వోల్టులు. నిజమైన మోడల్‌లో అవుట్‌పుట్ వెళ్లి సప్లయ్ వోల్టేజ్‌కు అతుక్కుంటుంది. ఏసీ అనాలిసిస్ ఆ అతుక్కుపోయిన స్థితి చుట్టూనే లెక్క కడుతుంది కాబట్టి గెయిన్ దాదాపు ఏమీ ఉండదు. దీన్ని కనిపెట్టడం తేలిక. ఆపరేటింగ్ పాయింట్ చూడండి. ఒక వోల్టు ఇన్‌పుట్‌కు అవుట్‌పుట్ 2 వోల్టుల దగ్గర లేకపోతే ప్లాట్ వైపు చూడటమే దండగ.

అందుకే ఎల్-సీ చిట్కా పుట్టింది. తెంచిన చోట గిగాహెన్రీ ఇండక్టర్ పెడతారు. డీసీకి లూప్ మూసే ఉంటుంది, ఏసీకి తెరుచుకుంటుంది. ఇంకో పక్క గిగాఫారడ్ కెపాసిటర్ ద్వారా ఏసీ సోర్స్‌ను లోపలికి తోస్తారు. కాలేజీ ల్యాబుల్లోనూ కంపెనీల్లోనూ ఇప్పటికీ ఎక్కువగా కనిపించేది ఇదే. ఆపరేటింగ్ పాయింట్ సమస్యను ఇది నిజంగానే తీరుస్తుంది. చిక్కల్లా లోడింగ్‌తోనే. ఇండక్టర్‌ను ఇన్వర్టింగ్ ఇన్‌పుట్ దగ్గర పెట్టారనుకోండి. ఆ 10 పికోఫారడ్‌లు ఆప్-ఆంప్ వైపు ఉండిపోతాయి, వాటిని ఐడియల్ సోర్స్ నేరుగా నడిపేస్తుంది. రెసిస్టర్ల నడుమ నుంచి తిరిగొచ్చే సిగ్నల్‌కు ఎదురుగా తెరిచి ఉన్న ఇండక్టర్ తప్ప ఇంకేమీ కనబడదు. అసలు సర్క్యూట్‌లో రెండు 100 కిలోఓమ్‌లు సమాంతరంగా 50 కిలోఓమ్‌లై, ఆ కెపాసిటెన్స్‌తో కలిసి 318 కిలోహెర్ట్జ్ దగ్గర ఒక పోల్ చేస్తాయి. కొలతలో ఆ పోల్ మాయం.

ఫలితం: 5 మెగాహెర్ట్జ్ దగ్గర 0 డెసిబెల్స్ దాటుతుంది, ఫేజ్ మార్జిన్ 90 డిగ్రీలు. అసలు విలువలు వేరు. క్రాసోవర్ 1.24 మెగాహెర్ట్జ్, మార్జిన్ 14 డిగ్రీల చిల్లర. తప్పు కొలత వల్ల ప్లాట్ చెడిపోయినట్టు కనబడితే ఎవరైనా పట్టుకుంటారు. ఇక్కడ మరింత అందంగా కనబడుతుంది, అదే ప్రమాదం. పైగా ఆ కెపాసిటెన్స్ చాలావరకు తయారీదారు మోడల్ లోపలే ఉంటుంది. దాన్ని ఇండక్టర్ అవతలకు జరపడం మన చేతిలో లేదు.

లూప్‌ను తెంచాల్సిన అవసరమే లేదన్నది 1975లో కాల్‌టెక్ ప్రొఫెసర్ మిడిల్‌బ్రూక్ ఒక పద్ధతిగా చూపించారు. తీగలో వరుసగా ఒక వోల్టేజ్ సోర్స్ పెట్టండి: డీసీ విలువ సున్నా, ఏసీ విలువ 1. డీసీకి అది ఉత్త తీగే, లూప్ మూసే ఉంటుంది, లోడింగ్ ఎక్కడిదక్కడే ఉంటుంది. సోర్స్‌కు రెండు పక్కలా ఉన్న వోల్టేజీల నిష్పత్తే మనకు కావాల్సిన లూప్ గెయిన్. మన సర్క్యూట్‌ను ఇలా రాయవచ్చు:

```
* loopgain
Vin inp 0 DC 1
E1 a 0 inp inm 1e5
R1 a b 1k
C1 b 0 1.5915u
E2 out 0 b 0 1
Vi out x DC 0 AC 1
Rf x inm 100k
Rg inm 0 100k
Cin inm 0 10p
.ac dec 100 10 100Meg
.end
```

నడిపాక `-V(out)/V(x)` గీయాలి. సిగ్నల్ `x` దగ్గర బయలుదేరి, రెసిస్టర్ల మీదుగా ఆప్-ఆంప్ గుండా చుట్టి `out`కు వస్తుంది. దారిలో ఒకసారి తలకిందులవుతుంది కాబట్టి ఆ మైనస్. మైనస్ పెడితే ఫేజ్ సున్నా దగ్గర మొదలవుతుంది, మార్జిన్ కోసం −180 నుంచి ఎంత ఎత్తులో ఉందో చూడాలి. పెట్టకపోతే 180 దగ్గర మొదలవుతుంది, క్రాసోవర్ దగ్గర కనబడే ఫేజే నేరుగా మార్జిన్. రెండూ సరైనవే. ఒకటి గీసి రెండోదానిలా చదివితేనే కొంప మునుగుతుంది.

ఇంకో మూడు చిన్న ఉచ్చులున్నాయి. `Vin`కు కూడా `AC 1` వదిలేస్తే రెండు సిగ్నళ్లు కలిసిపోయి నిష్పత్తికి అర్థం ఉండదు. స్పైస్‌లో `M` అంటే మిల్లీ కాబట్టి పై చివర `100M` అని రాస్తే అది 0.1 హెర్ట్జ్ అవుతుంది. ఇదే నెట్‌లిస్ట్‌ను ఎన్‌జీస్పైస్‌లో నడిపితే ఫేజ్ మామూలుగా రేడియన్లలో వస్తుందని మరిచిపోవద్దు. డిగ్రీలు కావాలంటే ముందు `set units=degrees` అనాలి.

సోర్స్‌ను అవుట్‌పుట్ దగ్గరే ఎందుకు పెట్టాం? వోల్టేజ్ సోర్స్ ఒక్కటే వాడినప్పుడు, సిగ్నల్ ఇచ్చే వైపు ఇంపిడెన్స్ తీసుకునే వైపు కన్నా బాగా తక్కువగా ఉండాలి. ఆ రెండింటి నిష్పత్తి ఎంతో, కొలతలో తప్పు అంత. ఆప్-ఆంప్ అవుట్‌పుట్ దగ్గర అది చాలా చిన్నది. అదే సోర్స్‌ను ఇన్వర్టింగ్ ఇన్‌పుట్ తీగలోకి జరిపి చూడండి. ఇచ్చే వైపు 50 కిలోఓమ్‌లు, తీసుకునే వైపు 10 పికోఫారడ్‌లు. అప్పుడు వచ్చే వంపు విచిత్రంగా ఉంటుంది. 1.11 మెగాహెర్ట్జ్ దగ్గర 0 డెసిబెల్స్ దాటుతుంది, అక్కడ మార్జిన్ మళ్లీ 90 డిగ్రీలే. ఆ వెంటనే 1.26 మెగాహెర్ట్జ్ దగ్గర లోతుగా పడిపోయి, ఫేజ్ ఒక్కసారిగా 180 డిగ్రీలు గెంతి, గెయిన్ తిరిగి పైకి ఎక్కడం మొదలుపెడుతుంది. పై ఫ్రీక్వెన్సీల్లో లూప్ గెయిన్ అలా పెరుగుతూ పోవడానికి ఈ సర్క్యూట్‌లో కారణమేదీ లేదు. లూప్ గెయిన్ వంపు చివర్లో తలెత్తితే ముందు సోర్స్ పెట్టిన చోటును తనిఖీ చేయండి.

అవుట్‌పుట్ లాంటి అనువైన చోటు దొరకని సర్క్యూట్లూ ఉంటాయి, ట్రాన్సిస్టర్లతో కట్టినవి ముఖ్యంగా. వాటికి అదే చోట వోల్టేజ్‌తో ఒకసారి కొలిచిన `Tv`ను, కరెంటుతో ఒకసారి కొలిచిన `Ti`ను కలిపి లూప్ గెయిన్ `T`ను తేల్చాలి:

```
T = (Tv*Ti - 1)/(Tv + Ti + 2)
```

ఇలా కలిపితే ఇన్వర్టింగ్ ఇన్‌పుట్ దగ్గర కొలిచినా అవే 14 డిగ్రీలు వస్తాయి. సిగ్నల్ రెండు వైపులా పారే లూపులను కూడా లెక్కలోకి తీసుకునే పద్ధతిని టియాన్, ఆయన సహచరులు 2001లో ప్రచురించారు. ఎల్‌టీస్పైస్‌తో వచ్చే ఉదాహరణల్లో, ఎడ్యుకేషనల్ ఫోల్డర్‌లో, `LoopGain.asc` మిడిల్‌బ్రూక్ పద్ధతిదైతే `LoopGain2.asc` టియాన్‌ది. రెండోదాన్ని కాపీ చేసుకుని వాడటమే మేలు, ఫార్ములాను చేత్తో కొట్టే పని తప్పుతుంది. కేడెన్స్ స్పెక్టర్ వాడేవాళ్లకు `stb` అనాలిసిస్ ఆ పని చేసిపెడుతుంది.

ఇక చదవడం. మన సరైన ప్లాట్‌లో గెయిన్ 100 హెర్ట్జ్ నుంచి దశకానికి 20 డెసిబెల్స్ చొప్పున దిగుతూ, 318 కిలోహెర్ట్జ్ దాటాక 40కి మారుతుంది. ఆ 40 వాలులోనే 0 డెసిబెల్స్ గీతను కోస్తుంది. ఫేజ్ వంపు చూడకముందే ఇక్కడ తేడా ఉందని చెప్పడానికి ఆ వాలు చాలు. ఈ లూప్‌లో పోల్స్ రెండే కాబట్టి ఫేజ్ −180ని ఎక్కడా దాటదు, అంటే గెయిన్ మార్జిన్ అనంతం. ఆ అంకెను చూసి మురిసిపోయేవాళ్లు ఉంటారు. 14 డిగ్రీల ముందు దానికి విలువ లేదు.

ట్రాన్సియెంట్‌లో సరిచూసుకోవడం తప్పనిసరి, ఎందుకంటే అక్కడ కొలతకంటూ సోర్స్ ఉండదు, లూప్ ఎలా ఉందో అలానే నడుస్తుంది. `Vi`ను సున్నాగా వదిలి, ఇన్‌పుట్‌కు 10 మిల్లీవోల్టుల చిన్న మెట్టు ఇవ్వండి. పెద్ద మెట్టు ఇస్తే నిజమైన ఆప్-ఆంప్ స్లూ రేటు దగ్గర ఆగిపోయి అసలు సంగతి దాచేస్తుంది. 1.25 మెగాహెర్ట్జ్ దగ్గర మోగుతుంది, ప్రతి శిఖరం ముందుదానిలో 45 శాతం దాకా ఉంటుంది. మోగే ఫ్రీక్వెన్సీ ప్లాట్‌లోని క్రాసోవర్ పక్కనే ఉంటే రెండు కొలతలూ ఒకదాన్నొకటి సమర్థిస్తున్నట్టు. ఎల్-సీ ప్లాట్ చెప్పిన 5 మెగాహెర్ట్జ్ జాడ ఇందులో ఉండదు.

ఓవర్‌షూట్ శాతాన్ని చూసి మార్జిన్ ఊహించేటప్పుడు మాత్రం జాగ్రత్త. పుస్తకాల్లోని పట్టిక ప్రకారం 14 డిగ్రీలకు 65 శాతం పైచిలుకు రావాలి. ఇన్వర్టింగ్ ఇన్‌పుట్ నోడ్ దగ్గర 67 శాతం వస్తుంది కూడా. అవుట్‌పుట్ దగ్గర చూస్తే 20 మిల్లీవోల్టుల దగ్గర నిలవాల్సినది ముందు 84 దాకా ఎగురుతుంది. ఫీడ్‌బ్యాక్ దారిలో ఉన్న పోల్ అవుట్‌పుట్‌కు జీరోగా తిరిగొస్తుంది, పట్టికకు ఆ జీరో తెలియదు. దీన్ని చూసి మార్జిన్ కొలత తప్పని అనుకోకూడదు.

చికిత్స తేలికే. అవుట్‌పుట్ నుంచి ఇన్వర్టింగ్ ఇన్‌పుట్‌కు వెళ్లే 100 కిలోఓమ్‌ల మీద సమాంతరంగా 10 పికోఫారడ్‌లు పెడితే రెండు కెపాసిటర్లూ రెసిస్టర్ల నిష్పత్తిలోనే సిగ్నల్‌ను పంచుతాయి. పోల్ రద్దయి, క్రాసోవర్ 5 మెగాహెర్ట్జ్, మార్జిన్ 90 అవుతాయి, ఈసారి నిజంగానే. రెసిస్టర్లను 10 కిలోఓమ్‌లకు దించడం కూడా ఒక దారే, కానీ మార్జిన్ 43 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది, కరెంటు ఆదా ఎలాగూ పోతుంది. నా ఓటు 2.2 పికోఫారడ్‌లకు: మార్జిన్ 77 డిగ్రీలు వస్తుంది, బ్యాండ్‌విడ్త్ అక్కర్లేనంతగా పెరగదు. `Cin`ను `.step`తో 20 పికోఫారడ్‌ల దాకా పెంచి చూసినా 65 డిగ్రీలు మిగులుతాయి.