వకీలుకు ఫీజు, సాక్షికి ముడుపు

ఒక సంఘం సర్వసభ్య సమావేశంలో పది నిమిషాల తేడాతో రెండు తమాషాలు చూశాను. ముందు ఒక సభ్యుడు లేచి, వార్షిక లెక్కల్లో విడి ఖర్చులన్నీ కూడితే కింద వేసిన మొత్తం రావడం లేదన్నారు. "ఈ రెండేళ్ళలో ఒక్క రోజైనా వచ్చి ఒక కుర్చీ సర్దారా మీరు?" అని వేదిక మీదనుంచి జవాబు వచ్చింది. చప్పట్లు పడ్డాయి, ఆయన కూర్చున్నారు. కాసేపటికి ఒకావిడ, సౌండ్ సిస్టమ్ కాంట్రాక్టు దక్కిన కంపెనీ కమిటీలో ఉన్నాయన బావమరిదిదేనా అని అడిగారు. "వ్యక్తిగత విషయాలు ఇక్కడ వద్దండీ" అని ఆపేశారు. దానికీ చప్పట్లే.

నా లెక్కలో రెండూ తలకిందులు. మొదటిది వ్యక్తిగత దాడి, ఎవరికీ అలా అనిపించలేదు. రెండోది న్యాయమైన ప్రశ్న, దాన్ని దూషణ కింద కట్టేశారు.

తేడా ఎక్కడుందో కోర్టు వాళ్ళకి ఎప్పటినుంచో తెలుసు. సాక్షిని క్రాస్ చేసేటప్పుడు నీకు నిందితుడితో పగ ఉందా, డబ్బు ముట్టిందా, ఇంతకుముందు మాట మార్చావా అని అడగొచ్చు. వకీలును అలా అడగరు. వకీలు ఫీజు తీసుకునే మాట్లాడుతున్నాడని జడ్జికీ తెలుసు, అయినా అతని వాదన వింటారు. ఎందుకంటే వాదనలో ప్రతి మెట్టూ మన కళ్ళ ముందే ఉంటుంది, సరిపోయిందో లేదో మనమే చూసుకోవచ్చు. సాక్షి చెప్పేది మనం చూడనిది. అక్కడ మన చేతిలో ఉన్నది అతని మాట ఒక్కటే. అందుకే వకీలు ఫీజు పెద్ద విషయం కాదు, సాక్షి అదే డబ్బు తీసుకుంటే కేసే పోతుంది.

దీన్ని రెండు పాత వివాదాల్లో పెట్టి చూద్దాం. సర్ రోనాల్డ్ ఫిషర్ ఆధునిక గణాంక శాస్త్రానికి పునాదులు వేసినవాళ్ళలో ఒకడు. 1950లో రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్ అనే బ్రిటిష్ పరిశోధకులు పొగతాగడానికీ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కీ సంబంధం చూపించాక, కొన్నేళ్ళకు ఫిషర్ ఎదురు తిరిగాడు. రెండు విషయాలు కలిసి కనిపించినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణం కాదన్నాడు. పొగ అలవాటునూ క్యాన్సర్‌నూ రెండింటినీ తెచ్చే పుట్టుక లక్షణం ఏదో ఉండొచ్చు కదా అన్నాడు. డాల్, హిల్ లెక్కల్లోనే క్యాన్సర్ రోగుల్లో పొగ లోపలికి పీల్చేవాళ్ళు కాస్త తక్కువగా ఉన్నారని కూడా ఎత్తిచూపాడు. ఈయన స్వయంగా పైపు తాగేవాడు. అంతకన్నా ముఖ్యం, పొగాకు కంపెనీల కమిటీకి సలహాదారుగా పనిచేశాడు.

ఇక్కడ "కంపెనీల మనిషి, ఏం వింటాం?" అని ఊరుకుంటే? అది దాడే అవుతుంది. ఆయన లేవనెత్తిన ప్రశ్న వేరే ఎవరు అడిగినా అంతే బరువుగా ఉండేది. దానికి అసలు జవాబు 1959లో వచ్చింది. జెరోమ్ కార్న్‌ఫీల్డ్ అనే గణాంక శాస్త్రవేత్త, మరి కొందరు రాసిన వ్యాసంలో ఫిషర్ డబ్బు సంగతి కాదు, చిన్న లెక్క ఒకటి ఉంది. పొగతాగేవాళ్ళకు క్యాన్సర్ ముప్పు తాగనివాళ్ళకన్నా తొమ్మిది రెట్లు ఎక్కువ అనుకుందాం. పొగకు ఏ పాపమూ తెలియదు, అంతా దాగిన లక్షణం పనే అనాలంటే, ఆ లక్షణం తాగేవాళ్ళలో కనీసం తొమ్మిది రెట్లు ఎక్కువమందికి ఉండి తీరాలి. నూటికి 90 మంది తాగేవాళ్ళలో అది ఉందంటే, తాగనివాళ్ళలో 10 మందికి మించి ఉండకూడదు. ఇంత పెద్ద తేడా ఉన్న లక్షణం ఎవరి కంటా పడకుండా దాక్కోవడం కష్టం. అలాంటిది ఎవరూ చూపించలేకపోయారు. పైగా మానేసినవాళ్ళకు ముప్పు తగ్గుతుంది. పుట్టుకతో వచ్చిన లక్షణం సిగరెట్ మానేస్తే మారదు కదా. ఫిషర్‌ను తిట్టి ఊరుకుని ఉంటే ఈ లెక్క మనకు మిగిలేది కాదు.

రెండోది ఆండ్రూ వేక్‌ఫీల్డ్ అనే బ్రిటిష్ డాక్టరు సంగతి. 1998లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో 12 మంది పిల్లల గురించి ఆయన, మరి కొందరు రాసిన వ్యాసం వచ్చింది. వాళ్ళలో ఎక్కువమందికి తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లా రాకుండా వేసే ఎమ్ఎమ్ఆర్ టీకా వేసిన కొద్ది రోజుల్లోనే ప్రవర్తనలో ఆటిజం లాంటి లక్షణాలు మొదలైనట్టు తల్లిదండ్రులు చెప్పారని అందులో ఉంది. చదివేవాడు దీన్ని ఎలా సరిచూసుకుంటాడు? ఆ పిల్లలు ఎలా ఎంపికయ్యారు, వాళ్ళ కేస్ షీట్లలో ఏముంది అన్నది రాసినవాళ్ళకే తెలుసు. అంటే ఇది వాదనకన్నా ఎక్కువగా సాక్ష్యం.

2004లో బ్రయాన్ డీర్ అనే పాత్రికేయుడు బయటపెట్టినది అందుకే సూటిగా తగిలింది. టీకా కంపెనీల మీద దావా వేయబోతున్న లాయర్ల ద్వారా వేక్‌ఫీల్డ్‌కు డబ్బు వచ్చింది, ఆ పిల్లల్లో కొందరు ఆ దావాకు సంబంధించినవాళ్ళే. వ్యాసంలో ఈ ముక్క లేదు. తర్వాత ఆస్పత్రి రికార్డులతో పోల్చి చూస్తే, కొందరు పిల్లల్లో లక్షణాలు టీకాకు ముందే ఉన్నాయని తేలింది. 2010లో లాన్సెట్ వ్యాసాన్ని ఉపసంహరించింది, అదే ఏడు ఆయన వైద్య రిజిస్ట్రేషన్ పోయింది. డబ్బు ఎవరిచ్చారు అని అడగడం ఇక్కడ దూషణ కాదు, పరిశోధన.

కానీ ఇక్కడొక మెలిక ఉంది, చాలామంది జారేది దీనిమీదే. సాక్షి అబద్ధమాడాడని తేలితే అతని సాక్ష్యం పోతుంది, అంతే. దానికి వ్యతిరేకమైనది నిజమని తేలిపోదు. వేక్‌ఫీల్డ్ మోసం బయటపడ్డాక కూడా టీకాకూ ఆటిజానికీ సంబంధం లేదనడానికి వేరే ఆధారం కావాలి. అది డెన్మార్క్‌లో 537,303 మంది పిల్లల్ని గమనించి 2002లో ప్రచురించిన అధ్యయనం లాంటివాటి నుంచి వచ్చింది. టీకా వేసుకున్నవాళ్ళలో ఆటిజం ఎక్కువగా లేదు. ఈ పని డీర్ కథనం చేయగలిగింది కాదు.

ఫిషర్‌కు మళ్ళీ వస్తే, ఆయన కూడా పూర్తిగా వకీలు కాదు. నిపుణుడు ఏ లెక్కలు ముందుకు తెచ్చాడో, ఏవి పక్కన పెట్టాడో మనకు కనపడదు; ఆ మేరకు నిపుణుడూ సాక్షే. పొగాకు డబ్బు గుర్తుకు రావలసింది అక్కడ. ఆయన చూపని కాగితాలు వెతకడానికి అది కారణం, చూపిన తర్కాన్ని కొట్టెయ్యడానికి కాదు. ఆయన పైపు మాత్రం దేనికీ పనికిరాదు. సిగరెట్ తాగే డాక్టరు సిగరెట్ మానమంటే "గురివింద తన నలుపెరగదు" అని నవ్వుకోవచ్చు గానీ, సలహా తప్పయిపోదు.

ఇక ఆ సమావేశం. కూడిక చేసినాయన కుర్చీలు సర్దారో లేదో కూడికకు అక్కర్లేదు, కాలిక్యులేటర్ ఉంటే చాలు. బావమరిది ప్రశ్న వేరు. తక్కువ ధరకే ఇచ్చాం అన్నది కమిటీ మాట, మిగతా కొటేషన్లు చూసింది వాళ్ళే. కాబట్టి చుట్టరికం అడగొచ్చు, అవునో కాదో జవాబు కూడా ఉంది. అవునన్నా సంఘం డబ్బు పోయినట్టు కాదు. బావమరిదే అందరికన్నా తక్కువకు ఒప్పుకొని ఉండొచ్చు. ఆవిడ తర్వాత అడగాల్సింది ఆ కొటేషన్ కాగితాలు. అక్కడిదాకా ఎవరూ రానివ్వలేదు.