నిశ్చితార్థం రద్దయ్యాక ముందు తేలాల్సింది ఇచ్చిపుచ్చుకున్నవే

తాంబూలాలు మార్చుకున్నాక సంబంధం వద్దనుకుంటే రెండు కుటుంబాలూ మొదట పడేది కారణాల వెంట. ఎవరు ముందు మాట మార్చారు, ఎవరి వైపు తప్పుంది, ఎవరు ఏం దాచారు అన్న వాదనలోనే వారాలు గడిచిపోతాయి. ఈలోగా అమ్మాయి వేలికి పెట్టిన ఉంగరం ఒక ఇంట్లో, అబ్బాయి మెడలో వేసిన గొలుసు మరో ఇంట్లో అలాగే ఉండిపోతాయి. బంధువుల మాటలకు అసలు బలం అక్కడి నుంచే వస్తుంది. 'ఇంకా బంగారం తిరిగి ఇవ్వలేదట' అన్న ఒక్క మాట చాలు, ముగిసిపోయిన సంబంధం మరో ఏడాది చర్చలో ఉంటుంది. అందుకే కారణం ఎప్పటికి తేలినా, తేలకపోయినా, వస్తువుల లెక్క మాత్రం వెంటనే తేలిపోవాలని నా అభిప్రాయం.

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. అమ్మాయిది గుంటూరు, అబ్బాయిది ఖమ్మం. నిశ్చితార్థంలో అమ్మాయి తరఫువారు అబ్బాయికి రెండు తులాల గొలుసు, ఉంగరం, చేతి గడియారం, బట్టలు పెట్టారు. లాంఛనాల పేరుతో మూడు లక్షల నగదు కూడా ఇచ్చారు. అబ్బాయి తరఫువారు అమ్మాయికి మూడు తులాల నెక్లెస్, ఉంగరం, పట్టుచీర పెట్టారు. భోజనాల ఖర్చు, పెళ్లికి ఫంక్షన్ హాలు అడ్వాన్సు అమ్మాయి తండ్రివే. రెండు నెలల తర్వాత అమ్మాయి ఈ పెళ్లి వద్దంది. వేధింపులు లేవు, మోసం లేదు. ఫోనులో మాట్లాడుకుంటున్నకొద్దీ కలిసి బతకలేమని అర్థమైంది, అంతే.

ఇప్పుడు మొదటి పని ఒక జాబితా రాయడం. చాలా ఇళ్లలో నిశ్చితార్థం నాడు పెట్టినవాటికి లెక్క ఉండదు, నగల దుకాణం బిల్లులు మాత్రం ఉంటాయి. వాటిలో బరువు, స్వచ్ఛత రాసి ఉంటాయి. హాల్‌మార్క్ నగ అయితే, దానిపై చెక్కిన ఆరు అక్షరాలూ అంకెల గుర్తింపు సంఖ్యను సరిచూసుకుంటే వచ్చింది అదే నగ అని తెలుస్తుంది. రెండు వైపులా ఎవరి జాబితా వారు రాసి, ఇద్దరికీ కావలసిన ఒక పెద్దమనిషి ముందు పోల్చుకోవాలి. ఆ పెద్దమనిషి సంబంధం కుదిర్చిన మధ్యవర్తి కాకపోతే మంచిది. చెడిపోయిన సంబంధంలో తన మాట పోయిందన్న బాధ ఆయనకూ ఉంటుంది, ఆ బాధతో ఆయన ఎవరో ఒకరి పక్షం వహిస్తాడు.

చిక్కు వచ్చేది నగ మారిపోయినప్పుడు. మన ఉదాహరణలో అబ్బాయి తల్లి ఆ గొలుసును కరిగించి, ఇంకొంత బంగారం కలిపి మరో నగ చేయించిందనుకుందాం. కొన్ననాటి ధర ఇస్తామంటే అది న్యాయం కాదు, ఎందుకంటే ఈలోగా బంగారం ధర పెరిగి ఉండవచ్చు. అదే స్వచ్ఛతతో, అంతే బరువు బంగారం ఇవ్వడమే సరైన పద్ధతి. తరుగు, మజూరీ ఎవరు భరించాలన్న ప్రశ్నకు నా సమాధానం, నగను మార్చినవారే. వాడిన చీరలు, కట్టుకున్న బట్టలు అడగకూడదు. తిరిగిచ్చినా వాటిని ఎవరూ తొడుక్కోరు, అడిగారన్న మాట మాత్రం మిగిలిపోతుంది. భోజనాల ఖర్చు కూడా అంతే. హాలు అడ్వాన్సులో తిరిగి రాని భాగాన్ని సంబంధం వద్దన్న వైపు భరించడం ధర్మం. ఇక్కడ వద్దన్నది అమ్మాయి, అడ్వాన్సు కట్టింది ఆమె తండ్రి. కాబట్టి ఆ నష్టం ఆయనదే.

నగదు దగ్గర అందరి నోళ్లూ మూతపడతాయి. లాంఛనాలన్నా, ఆడపడుచు కట్నమన్నా, పెళ్లి కుదుర్చుకోవడానికి ఇచ్చిన డబ్బును 1961 నాటి వరకట్న నిషేధ చట్టం కట్నంగానే చూస్తుంది. మూడో సెక్షన్ ప్రకారం తీసుకోవడమే కాదు, ఇవ్వడమూ నేరమే. ఈ భయంతోనే అమ్మాయి తండ్రి గట్టిగా అడగలేడు, ఆ మౌనాన్ని అవతలివారు వాడుకుంటారు. అయితే అదే చట్టంలోని ఏడో సెక్షన్ నేరానికి బాధితులైనవారికి రక్షణ ఇస్తుంది, వాళ్లు ఇచ్చిన వాంగ్మూలం ఆధారంగా వాళ్లనే విచారించకూడదని చెబుతుంది. ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఒక కేసులో 1996లో సుప్రీంకోర్టు మరో విషయం తేల్చింది. పెళ్లి జరగకపోయినా సరే, పెళ్లికి ముందు కట్నం డిమాండ్ చేయడం నేరమే. కాబట్టి ఆ మూడు లక్షలు వెనక్కి ఇవ్వడం అబ్బాయి కుటుంబం చూపే దయ కాదు. చేతికి కాకుండా బ్యాంకు ద్వారా పంపితే, ఇచ్చామా లేదా అన్న గొడవే రాదు.

అన్నీ ఒకే రోజున, ఒకే కూర్చోవడంలో ఇచ్చిపుచ్చుకోవాలి. 'ముందు మీరు పంపండి' అన్న పట్టుదల మొదలైతే ఆ లెక్క ఎన్నటికీ తేలదు. నగలు తూకం వేయించి, జాబితా కింద ఇరువైపులా సంతకాలు పెట్టుకోవాలి. 'మాకు రావలసింది ఏమీ లేదు' అన్న వాక్యం అందులో ఉండాలి. కారణం గురించి ఒక్క మాటా ఉండకూడదు. 'తప్పు మీదేనని రాసివ్వండి, గొలుసు ఇస్తాం' అనే కుటుంబాలున్నాయి. వాళ్ల చేతిలో ఆ నగతో పాటు బందీ అయ్యేది అమ్మాయి పరువు.

ఇక బంధువులు. పెద్ద పొరపాటు ఒక్కొక్కరికి ఒక్కో కారణం చెప్పడం. మేనత్తకు జాతకాలు కలవలేదని, పెదనాన్నకు ఉద్యోగం సంగతి నచ్చలేదని చెబితే, వాళ్లిద్దరూ తర్వాతి పెళ్లిలో ఒకే బంతిలో కూర్చుంటారు. దాచిన మూడో కారణం ఏదో ఉందని అక్కడే నిర్ణయమైపోతుంది. జాతకం సాకు మరీ ప్రమాదం. ఎవరినీ నొప్పించని మాటలా కనిపించే ఆ సాకే, ఆర్నెల్లు తిరిగేసరికి 'ఆ అమ్మాయి జాతకంలో దోషం ఉందట' అని మారుతుంది. అబ్బాయి జాతకం గురించి ఎవరూ అలా అనుకోరు. ఈ అన్యాయాన్ని ముందే తెలుసుకుని మాట ఎంచుకోవలసిన బాధ్యత రెండు ఇళ్లదీ.

సంతకాలు పెట్టిన రోజునే, రెండు ఇళ్లూ చెప్పబోయే వాక్యాన్ని కూడా ఖాయం చేసుకోవాలి: 'ఇద్దరికీ కుదరదనిపించింది, పెద్దవాళ్లం మాట్లాడుకుని విరమించుకున్నాం.' ఫోన్లు చేసే బాధ్యత తల్లి మీద వేయకండి. ప్రతి ఫోనుకూ ఆమె మళ్లీ మొదటి నుంచి ఏడవాల్సి వస్తుంది. బాబాయో, మేనమామో ఆ పని చేయాలి. శుభలేఖలు అందినవారికి ముందు చెప్పాలి, లేకపోతే వాళ్లు రైలు టిక్కెట్లు కొనుక్కుంటారు. 'అసలేం జరిగింది?' అని రెండోసారి అడిగినవారికీ అదే వాక్యం చెప్పాలి, దానికి ఏమీ కలపకూడదు. ఫేస్‌బుక్ వంటి చోట్ల పెట్టిన నిశ్చితార్థం ఫొటోలను పెట్టినవారి చేతే తొలగింపజేయాలి, ఫొటోగ్రాఫర్ దగ్గరున్న వీడియో కూడా అడిగి తీసుకోవాలి.

ఈ ఉమ్మడి వాక్యానికి ఒక హద్దు ఉంది. కట్నం పెంచమని ఒత్తిడి చేసినా, అబ్బాయి మునుపటి పెళ్లిని దాచినా, అమ్మాయిని బెదిరించినా 'ఇద్దరికీ కుదరలేదు' అనడం అబద్ధం. ఆ అబద్ధం తర్వాత ఆ ఇంటికి వెళ్లబోయే మరో అమ్మాయికి హాని చేస్తుంది. అలాంటప్పుడు జరిగింది జరిగినట్టు చెప్పాలి, సందేశాలూ బ్యాంకు చెల్లింపుల ఆధారాలూ చెరిపేయకుండా ఉంచుకోవాలి, అవసరమైతే ఫిర్యాదు చేయాలి. అటువైపు పెద్దమనిషి 'పరువు పోతుంది' అన్నా వెనక్కి తగ్గకూడదు.

అలాంటిదేమీ లేనిచోట, కొత్త సంబంధం వచ్చినప్పుడు పెళ్లిచూపులు ముగిసి, ఇష్టమని కబురు వచ్చిన రోజునే పాత నిశ్చితార్థం సంగతి అమ్మాయి తండ్రో, అబ్బాయి తండ్రో స్వయంగా చెప్పాలి. అవతలివారు అడిగితే సంతకాలున్న ఆ కాగితం చూపించవచ్చు.