మందుకు ముందే శాంపిల్ ఇవ్వండి

"రెండు రోజులుగా మూత్రంలో మంట. నీళ్లు బాగా తాగితే తగ్గిపోతుందిగా, టెస్ట్ ఎందుకు?"

గుండె, కిడ్నీ జబ్బులు లేకపోతే రోజుకు 2 లీటర్లకు తగ్గకుండా తాగండమ్మా. మూత్రం పలచబడి మంట తగ్గొచ్చు, కానీ ఇన్ఫెక్షన్ పోయినట్టు కాదు. మాటిమాటికీ వెళ్లాల్సి వచ్చి నాలుగు చుక్కలే పడుతుంటే అది ఇన్ఫెక్షనే కావచ్చు. ఈరోజే యూరిన్ రొటీన్, కల్చర్ ఇవ్వండి. మెడికల్ షాపులో అడిగి ముందే యాంటీబయాటిక్ వేసుకుంటే కల్చర్‌లో క్రిమి పెరగకపోవచ్చు, ఏ మందు పనిచేస్తుందో తేలదు. మొదటి ధార వదిలేసి, మధ్య ధారను ల్యాబ్ వాళ్లిచ్చిన స్టెరైల్ డబ్బాలో పట్టి వెంటనే అందించండి. అంతకుముందు గబగబా లీటరు నీళ్లు తాగొద్దు, శాంపిల్ పలచబడుతుంది. కల్చర్ రిపోర్టుకు 2, 3 రోజులు పడుతుంది, ఈలోగా డాక్టరే మందు మొదలుపెడతారు. చలిజ్వరం, వాంతులు, నడుం పక్కన నొప్పి ఉంటే ఇన్ఫెక్షన్ కిడ్నీకి పాకి ఉండొచ్చు. అప్పుడు, గర్భవతులైతే ఏ లక్షణానికైనా, అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.