సవరణ: మామిడి రవాణా లెక్క డ్యూయల్‌లో గుర్తు తప్పింది

"సరఫరా, గిరాకీ రెండింటి ధరలూ సున్నా లేదా ఎక్కువ, u + v ≤ c" అని మొన్నటి పోస్టులో డ్యూయల్ గురించి, అంటే ఖర్చు లెక్కకు జతగా ఒక్కో షరతుకు ధర కట్టే లెక్క గురించి, రాశాను. అది తప్పు. ఆపరేషన్స్ రీసెర్చ్ పాఠ్యపుస్తకంతో సరిచూస్తే తేలింది: ఖర్చు తగ్గించే లెక్కలో "ఇంతకు మించకూడదు" అనే సరఫరా షరతు ధర మైనస్ గుర్తుతో వస్తుంది. కింద s సరఫరా, d గిరాకీ, c టన్నుకు రవాణా ఖర్చు, u సరఫరా ధర, v గిరాకీ ధర.

```
max Σ d_j v_j − Σ s_i u_i
v_j − u_i ≤ c_ij,  u, v ≥ 0
```

అదే ఉదాహరణ: చిత్తూరులో 60 టన్నులు, దామలచెరువులో 50, తిరుపతికి 70, చెన్నైకి 30 కావాలి. టన్నుకు చిత్తూరు నుంచి తిరుపతికి రూ.700, చెన్నైకి రూ.1200, దామలచెరువు నుంచి రూ.500, రూ.1500.

కనిష్ఠ ఖర్చు రూ.75,000. నా పాత డ్యూయల్ రూ.82,000 ఇస్తుంది. రెండూ కలవకపోవడమే తప్పుకు ఆనవాలు. మిగులు 10 టన్నులనూ పంపి తీరాలన్నట్టు లెక్క కట్టింది మరి!

సరైన ధరలు: చిత్తూరుకు 0 (అక్కడ సరుకు మిగులుతోంది), దామలచెరువుకు 200, తిరుపతికి 700, చెన్నైకి 1200. అంటే దామలచెరువులో ఇంకో టన్ను దొరికితే మొత్తం ఖర్చు రూ.200 తగ్గుతుంది. దానికోసం అంతకు మించి అదనంగా ఇవ్వడం దండగ. ఈ ధర అదనపు 20 టన్నుల వరకే. ఆపై చిత్తూరు నుంచి తిరుపతికి వెళ్లే లోడే ఉండదు.